షిఫ్టు మారే ఐదు నిమిషాలు: ఏ మాట చెప్పాలి, ఎక్కడ చెప్పాలి

ప్రశ్న: నేను బెంగళూరు పీణ్యలో వాహనాల విడిభాగాలు తయారుచేసే ఒక యూనిట్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. మాది మదనపల్లె దగ్గర పల్లె. మా దగ్గర 12 సీఎన్‌సీ లేత్‌లు, షిఫ్టుకు 16 మంది, ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 గంటలకు మారే మూడు షిఫ్టులు ఉన్నాయి. వారానికొకసారి మూడు జట్లూ కలిసి ఒక షిఫ్టు ముందుకు జరుగుతాయి. గత నెల నాలుగో మెషీన్‌లో లోహాన్ని కోసే టిప్ మార్చిన సంగతి మాకెవరూ చెప్పలేదు. టిప్ అరుగుదలకు మెషీన్‌లో ఇచ్చే సవరణ, అంటే వేర్ ఆఫ్‌సెట్, మైనస్ 30 మైక్రాన్ల దగ్గరే ఉండిపోయి, మా షిఫ్టులో మొదటి 20 షాఫ్టులు స్క్రాప్ అయ్యాయి. ఆ తర్వాత రెండు జట్లనూ నిలబెట్టి ఐదు నిమిషాల హడిల్ పెట్టడం మొదలుపెట్టాను. అది ఇరవై నిమిషాలకు సాగుతోంది, మీ తప్పంటే మీ తప్పని వాదులాటగా మారుతోంది. 2:10కి కంపెనీ బస్సు ఉంది కాబట్టి దిగే జట్టు నిలబడదు. అన్నిటికన్నా ఇబ్బంది ఏమిటంటే, నాకు చార్జి ఇచ్చే సూపర్‌వైజర్ మా ఊరి వైపు పెద్దాయన. నన్ను ఈ ఉద్యోగంలో చేర్పించింది ఆయనే. అన్నా అని పిలిచే మనిషిని అందరి ముందూ ప్రశ్నలు ఎలా అడగను? ఆయన రోజూ ‘అంతా ఓకే తమ్ముడూ’ అని వెళ్లిపోతారు. హడిల్ మానేయాలా, కొనసాగించాలా?

సమాధానం: ఆ 20 షాఫ్టుల దగ్గరే మొదలుపెడదాం. ఐదు నిమిషాల్లో ఏ మాట తప్పనిసరో, ఏ మాట అక్కర్లేదో అవే మనకు చెబుతాయి. లెక్క సులువుగా ఉండటానికి షాఫ్టు వ్యాసం 25 మి.మీ. అనీ, డ్రాయింగు ప్రకారం అది 24.979 నుంచి 25.000 మధ్య ఉండాలనీ అనుకుందాం. ఫినిషింగ్ టిప్ అరుగుతున్నకొద్దీ అది లోహాన్ని కాస్త తక్కువగా కోస్తుంది, సైజు పైకి పాకుతుంది. అందుకే ఆపరేటరు కొన్ని పీసులకొకసారి WEAR పేజీలో X విలువను ఐదేసి మైక్రాన్ల చొప్పున మైనస్ వైపు దించుతూ సైజును 24.990 దగ్గర నిలబెడతాడు. అలా దిగి దిగి మైనస్ 30 మైక్రాన్లకు, అంటే 0.030 మి.మీ.కు చేరిన సమయంలో టిప్ జీవితం ముగుస్తుంది, అతను కొత్త టిప్ వేస్తాడు. కొత్త టిప్‌కు అరుగుదల లేదు, కానీ అరుగుదల కోసం ఇచ్చిన సవరణ మాత్రం అలాగే ఉంది. కాబట్టి తర్వాతి పీసు సుమారు 24.960 దగ్గరకు, అంటే కింది హద్దుకు ఇంకా 19 మైక్రాన్లు దిగువకు వెళుతుంది. బయటి వ్యాసం తగ్గిందంటే దాన్ని మళ్లీ పెంచే దారి లేదు. ప్రతి ఇరవయ్యో పీసును మాత్రమే కొలిచే పద్ధతి ఉన్నచోట, ఒక్కో పీసుకు 90 సెకన్ల చొప్పున అరగంట గడిచాక గాని సంగతి బయటపడదు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. దిగిపోయిన ఆపరేటరు ‘ఓకే’ అన్నప్పుడు అతను అబద్ధం చెప్పలేదు. అతని చివరి పీసు నిజంగానే హద్దుల్లో ఉంది. అతను చెప్పకుండా వదిలేసినది ఆ పీసు తర్వాత జరిగిన మార్పు. అందువల్ల అప్పగింతలో అడగవలసినది మెషీన్ ఎలా ఉందని కాదు, చివరిసారి కొలిచిన తర్వాత దానిలో ఏమి మారిందని. ‘ఎలా ఉంది’ అంటే ‘బాగుంది’ అనే జవాబే వస్తుంది. ‘చివరి కొలత తర్వాత ఏమి ముట్టుకున్నారు’ అంటే టిప్, పీసును పట్టుకునే చక్ జాస్, కూలెంట్, ప్రోగ్రాము, బార్ లాట్ అంటూ మనిషి తన చేతులు వెళ్లిన చోట్లన్నీ తలచుకుంటాడు. ఆ రోజు చెప్పవలసి ఉండిన మాట ఇంత చిన్నది: ‘నాలుగో మెషీన్‌లో 1:50కి ఫినిషింగ్ టిప్ మార్చాం, X వేర్ ఇంకా సరిచేయలేదు, కొత్త టిప్‌తో ఒక్క పీసూ కోయలేదు, మొదటి పీసు కొలిచాకే నడపండి.’ మారినది, మిగిలిపోయినది, ఎక్కే మనిషి చేయవలసినది అనే మూడూ అందులో ఉన్నాయి. చెప్పడానికి పది పదిహేను సెకన్లు చాలు.

ఆఫ్‌సెట్‌ను సున్నా చేస్తే సరిపోతుందనుకోకండి. మామూలుగా వాడే టిప్పుల్లో ఒకదానికీ మరొకదానికీ కొలతల్లో ఉండే తేడా మీ 21 మైక్రాన్ల హద్దును సునాయాసంగా దాటగలదు. అందుకే టిప్ మార్చాక బయటి వ్యాసానికి వేర్‌ను కాస్త ప్లస్‌లో ఉంచి, మొదటి పీసును లావుగా కోసి, కొలిచి, సవరించి, అదే పీసును మళ్లీ సైజుకు దించడం తెలిసిన ఆపరేటర్లు చేసే పని. షిఫ్టు చివర ఐదు నిమిషాలుండగా టిప్ మార్చిన మనిషికి ఈ పని పూర్తిచేసే సమయం ఉండదు. కాబట్టి 1:40 తర్వాత టిప్ జీవితం ముగిస్తే రెండే దారులు పెట్టుకోండి. మొదటి పీసు కొలత దాకా పూర్తిచేయగలిగితే మార్చాలి. లేకపోతే మెషీన్‌ను ఆపి, మార్చే పని ఎక్కే ఆపరేటరుకే వదలాలి. రెండో దారిలో కొన్ని పీసుల ఉత్పత్తి పోతుంది, దిగే షిఫ్టు లెక్కలో అది తక్కువగా కనిపిస్తుంది. ఆ తగ్గుదలను వారి మీద వేయకూడదని మీ ప్రొడక్షన్ మేనేజరు ఒప్పుకోకపోతే ఈ నియమం నిలవదు, ముందే అడగండి.

ఈ మాట ఎక్కడ చెప్పాలన్నది తర్వాతి ప్రశ్న. మీ హడిల్ ఇరవై నిమిషాలు సాగడానికి కారణం 12 మెషీన్ల సంగతులన్నీ 32 మంది ముందు విప్పడమేనని నాకు అనిపిస్తోంది. నాలుగో మెషీన్ ఆఫ్‌సెట్‌తో తొమ్మిదో మెషీన్ ఆపరేటరుకు పని లేదు, అతను వినడు, పక్కవాడితో మాట్లాడతాడు. మెషీన్ సంగతి మెషీన్ దగ్గరే, దిగే ఆపరేటరూ ఎక్కే ఆపరేటరూ ఎదురెదురుగా నిలబడి చెప్పుకోవాలి. అక్కడ సాక్ష్యంగా చివరి పీసును ఉంచే అలవాటు చేయండి. దిగే ఆపరేటరు తన చివరి పీసును కొలిచి, కొలతనూ సమయాన్నీ చీటీ మీద రాసి, ఆ చీటీని పీసుకు కట్టి కంట్రోల్ ప్యానెల్ పక్కన పెడతాడు. ఎక్కే ఆపరేటరు తన మొదటి పీసును అదే మైక్రోమీటరుతో కొలిచి దాని పక్కన రాస్తాడు. రెండింటికీ మధ్య ఏడెనిమిది మైక్రాన్లకు మించి తేడా ఉంటే మెషీన్ ఆపి మిమ్మల్ని పిలుస్తాడు. నోటి మాట మరచిపోయిన రోజున కూడా ఈ రెండు పీసులు నష్టాన్ని ఒక్క షాఫ్టు దగ్గరే ఆపుతాయి. దీనితోపాటు పాత షిఫ్టు క్రేటును పక్కకు జరిపి కొత్త క్రేటు పెట్టించండి. లేకపోతే తప్పు దొరికిన రోజున మంచివీ చెడ్డవీ కలిసిపోయి, క్రేటంతా ఒక్కొక్కటిగా కొలవవలసి వస్తుంది.

అలా మెషీన్ సంగతులు మెషీన్ల దగ్గరకు వెళ్లిపోతే హడిల్‌కు మిగిలేది కొంచెమే. మనిషికి దెబ్బ తగలగలిగినవి మొదట, చెడ్డ పీసు బయటికి పోగలిగినవి తర్వాత, ఆగివున్న మెషీన్లూ రాని మనుషులూ ఆఖరున చెప్పుకోవాలి. మామూలుగా నడుస్తున్న మెషీన్ పేరు హడిల్‌లో ఎత్తనే కూడదు. 12లో మూడింటి గురించి చెప్పవలసి వస్తే ఒక్కోదానికి అర నిమిషం పడుతుంది, మూడున్నర నిమిషాలు ఇంకా మిగులుతాయి.

సమయం విషయంలో మీ ముందు మూడు పద్ధతులున్నాయి, మూడింటికీ ఖరీదు ఉంది. ఇప్పుడు చేస్తున్నట్టు మెషీన్లన్నీ ఆపి రెండు జట్లనూ నిలబెడితే అందరికీ ఒకే మాట చేరుతుంది. కానీ 12 మెషీన్లు ఐదేసి నిమిషాలు, రోజుకు మూడుసార్లు ఆగితే మూడు మెషీన్ గంటలు పోతాయి. 90 సెకన్ల లెక్కన అది 120 పీసులు. ఆ సంఖ్య చూసిన రోజున మేనేజరు హడిల్‌ను ఆపించేస్తారు. రెండోది, సూపర్‌వైజర్లిద్దరే మాట్లాడుకుని ఎవరి జట్టుకు వారు చెప్పుకోవడం. దీనికి ఉత్పత్తి నష్టం లేదు, బస్సు బాధ లేదు. అయితే ఆపరేటరు చేతి పని సూపర్‌వైజరుకు పూర్తిగా తెలియదు, తెలిసినంతలో సగం దారిలో జారిపోతుంది. ఇప్పుడు మీ అన్నగారు చేస్తున్నది ఒక విధంగా ఇదే.

మూడోది నాకు సరైనదిగా తోస్తోంది. ఎక్కే జట్టు 1:55కి అప్పగింత సంగతులు రాసే బోర్డు దగ్గర చేరాలి. దిగే జట్టు నుంచి సూపర్‌వైజరు, ఇన్‌స్పెక్టరు, మెయింటెనెన్స్ మనిషి మాత్రమే అక్కడికి రావాలి, ఆపరేటర్లు మెషీన్లు నడుపుతూనే ఉండాలి. రెండు గంటలకు హడిల్ ముగిసి ఎక్కేవారు మెషీన్ల దగ్గరకు వెళితే, అక్కడి అప్పగింతకు రెండు మూడు నిమిషాలు పడుతుంది. దిగే జట్టు చేతులు కడుక్కుని 2:10 బస్సు అందుకోగలదు. దీని ఖరీదు ఎక్కే జట్టు ఐదు నిమిషాలు ముందు రావడం, దిగే ఆపరేటరు రెండు మూడు నిమిషాలు ఆగడం. ఈ సమయం మీ మాట మీద, మీ ముఖం చూసి ఇచ్చినదిగా ఉండకూడదు. పంచింగ్‌లో పని సమయంగా నమోదు కావాలి, వచ్చే బస్సు ఆ వేళకు గేటు దగ్గర ఉండాలి. ఇది హెచ్ఆర్‌తో మేనేజరు తేల్చవలసిన పని. కాంట్రాక్టు కార్మికులను జీతం లేని ఐదు నిమిషాలకు పిలిస్తే ఒక వారం వస్తారు, రెండో వారం రారు, వారిని తప్పుపట్టలేం కూడా.

బోర్డు గురించి ఒక మాట. నేను చెన్నై అంబత్తూరులో సూపర్‌వైజరుగా చేరిన కొత్తలో షిఫ్టు రిజిస్టరును ఎంతో శ్రద్ధగా, రోజుకు ఒక పేజీ నిండా రాసేవాణ్ని. ఆ రిజిస్టరు క్యాబిన్‌లో ఉండేది. ఒక రోజు ఒక హైడ్రాలిక్ ప్రెస్‌లో పీడనం తగ్గుతోందని రాసి వెళ్లాను, తర్వాతి షిఫ్టు దాన్ని తెరవనే లేదు, రాత్రంతా సగం నొక్కిన పీసులు తయారయ్యాయి. రాశాను కదా అని నేను వాదించాను. ఆ వాదన నాకు పనికొచ్చిందే గాని ఆ పీసులకు పనికి రాలేదు. అప్పటి నుంచి నేను నమ్మేది ఒకటి: దిగే షిఫ్టు 1:40కి మెషీన్ల వెంట నడిచి చూసి బోర్డు మీద రాయాలి, ఎక్కే షిఫ్టు దాన్ని చదివి తన నోటితో తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పినప్పుడే తేడా బయటపడుతుంది.

మీ షాపులో ఇది మరీ ముఖ్యమని నాకు తోచడానికి కారణం భాష. పీణ్యలో ఒకే జట్టులో కన్నడం, తెలుగు, హిందీ, ఒడియా వినిపిస్తాయి. ‘మైనస్ ట్వంటీ ఉంది’ అని ఒకరంటే, పీసు 20 మైక్రాన్లు తక్కువగా ఉందని ఒకరు, ఆఫ్‌సెట్‌లో మైనస్ 20 కొట్టారని మరొకరు అర్థం చేసుకుంటారు. మొదటి అర్థం తీసుకున్నవాడు ప్లస్ కొడతాడు, రెండో అర్థం తీసుకున్నవాడు ముట్టుకోడు. అందుకని ప్లస్, మైనస్ మాటలను హడిల్‌లో పూర్తిగా మానిపించి, మైక్రోమీటరు చూపిన కొలతనే అంకెల్లో బోర్డు మీద రాయించండి. 24.984 అన్న అంకెకు ఏ భాషలోనూ రెండో అర్థం లేదు.

వాదులాట విషయానికి వస్తే, అది మనుషుల స్వభావం వల్ల కన్నా ప్రశ్న వేసే తీరు వల్ల పుడుతోందని అనుకుంటున్నాను. ‘ఎవరు మార్చారు, ఎందుకు చెప్పలేదు’ అన్నవి విచారణ ప్రశ్నలు. వాటికి 1:55 వేళ కాదు. హడిల్‌లో మెషీన్ నంబరు, మార్పు, మిగిలిన పని మాత్రమే పలకాలి, మనిషి పేరు పలకకూడదు. ఎవరైనా పాత తగాదా ఎత్తితే బోర్డు మూలన ఒక్క ముక్కలో రాసి, ఆ ఇద్దరు సూపర్‌వైజర్లూ అదే రోజు మాట్లాడుకోవాలి. ఆ మూలన రాసినది మూడు రోజులు అలాగే ఉండిపోతే మాత్రం జనం మళ్లీ హడిల్‌లోనే అరుస్తారు. కాబట్టి రాస్తే తప్పక తేల్చండి.

ఒక్క విషయంలో మాత్రం ఐదు నిమిషాల హద్దును పట్టించుకోకండి. మెయింటెనెన్స్ పని సగంలో ఉండగా షిఫ్టు మారితే, గార్డు విప్పివుంటే, తలుపు ఇంటర్‌లాక్‌ను తాత్కాలికంగా తప్పించివుంటే, బోర్డు మాట చాలదు. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు, గ్యాస్ వేదికపై 167 మంది చనిపోయారు. పగటి షిఫ్టువారు ఒక పంపుకు చెందిన సేఫ్టీ వాల్వును మరమ్మతుకు విప్పి, ఆ చోట బిళ్ల బిగించి, పని పూర్తికాకుండానే దిగారు. వాల్వు లేదన్న సంగతి రాత్రి కంట్రోల్ రూముకు చేరలేదు. రెండో పంపు ఆగిపోయినప్పుడు వారు ఈ పంపును నడపడానికి ప్రయత్నించారు, బిళ్ల దగ్గర నుంచి గ్యాస్ బయటికి వచ్చి పేలింది. పంపుకు సంబంధించిన ఇంకో పని కాగితం వారికి తెలుసు, వాల్వు కాగితం తెలియదు. మీ షాపులో అంత గ్యాస్ లేకపోవచ్చు, కానీ చక్ పీడనం తగ్గించి జాస్ విప్పిన మెషీన్‌ను తెలియక తిప్పితే పీసు ఎగిరి మనిషిని కొట్టగలదు. అలాంటి మెషీన్ దగ్గరకు ఇద్దరు సూపర్‌వైజర్లూ, మెయింటెనెన్స్ మనుషులిద్దరూ నడిచి వెళ్లి చూడాలి. మెషీన్ కరెంటు స్విచ్‌కు ఎక్కే మెయింటెనెన్స్ మనిషి తన తాళం వేశాకే, దిగేవాడు అక్కడే తన తాళం తీయాలి. బస్సు వెళ్లిపోతే ఆ రోజుకు కంపెనీ వాహనం అడగండి.

ఇక అన్నగారి సంగతి. మూడు జట్లూ కలిసి జరుగుతాయని రాశారు కనుక, వారం మారినా మీకు చార్జి ఇచ్చేది ఆయనే, మీరు ఇచ్చేది ఎప్పుడూ మూడో జట్టుకే. ఆయనను తప్పించుకునే వారం రాదు, కాబట్టి దీన్ని తేల్చుకోవలసిందే. మేనేజరు చేత ఒక ఫార్మాటు జారీ చేయిస్తే పని త్వరగా మొదలవుతుంది, కానీ మీరు తన మీద ఫిర్యాదు చేశారని ఆయన అనుకునే అవకాశం ఎక్కువ. పీణ్యలో మొదలైన మాట మదనపల్లె దాకా వెళుతుంది. టీ దగ్గర ఒంటరిగా కూర్చుని, ‘అన్నా, ఆ షాఫ్టుల తర్వాత నాకు భయంగా ఉంది, చివరి కొలత తర్వాత మారినవి మాత్రం మీరు నాకు చెప్పాలి’ అని అడగడం రెండో దారి. ఇది గౌరవంగా ఉంటుంది, ఆయన ఒప్పుకుంటారు కూడా. అయితే మీ పద్ధతి ఎలా ఉంటుందో ఆయన కళ్లతో చూడకపోతే రెండు వారాల్లో మళ్లీ ‘అంతా ఓకే’ దగ్గరకే వస్తారు.

నేనైతే ముందుగా మీరు చార్జి ఇచ్చే చోట మొదలుపెడతాను. షిఫ్టు ముగియడానికి ఇరవై నిమిషాల ముందు మీరే మెషీన్ల వెంట నడిచి బోర్డు రాయండి, మీ తప్పులతో సహా రాయండి, మూడో జట్టు సూపర్‌వైజరును తిరిగి చెప్పమనండి. ఇందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరినీ ప్రశ్నించనూ అక్కర్లేదు. రెండు వారాలు గడిచాక అన్నగారితో టీ దగ్గర మాట్లాడండి. అప్పుడు మీరు ఆయనను కొత్తది చేయమని అడగడం లేదు, మీరు చేస్తున్నదే చేయమంటున్నారు. ఆయన అనుభవాన్ని హడిల్‌లో ఉపయోగించుకోండి. మొదటి మాట ఆయనదే కావాలి, బోర్డు చదివేది ఆయనే కావాలి. తిరిగి చెప్పేది మీరు కావాలి. ‘అన్నా, నేను సరిగా విన్నానో లేదో చెబుతాను, తప్పయితే దిద్దండి’ అన్నప్పుడు పరీక్షలో ఉన్నది ఆయన కాదు, మీరు. అందరి ముందూ అడగడానికి మీకు సంకోచం కలిగించే ఆ వరుస అక్కడ చెక్కుచెదరదు, అడగవలసినదీ అడిగినట్టే అవుతుంది. ఆయన ‘అంతా ఓకే’ అంటే, మీరు బోర్డు చూసి, ‘అయితే 12 మెషీన్లలోనూ చివరి కొలత తర్వాత ఏదీ మారలేదని రాసుకుంటున్నాను’ అని ప్రశాంతంగా తిరిగి చెప్పండి. ఎనిమిది గంటల షిఫ్టు తర్వాత ఆ వాక్యాన్ని విని తలూపడం ఎవరికైనా కష్టం. ఏదో ఒకటి గుర్తొస్తుంది.

పని జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. షిఫ్టు మారిన తర్వాత మొదటి గంటలో, బస్సులో ఉన్నవారికి మీ జట్టు ఎన్ని ఫోన్లు చేసిందో రోజూ రాసుకోండి. ‘ఆ జాస్ ఎక్కడ పెట్టావు’, ‘ఆ క్రేటు ఓకేనా, హోల్డా’ అన్న ప్రతి ఫోనూ హడిల్‌లో గాని మెషీన్ దగ్గర గాని రాని ఒక మాట. ఏ సంగతి గురించి ఫోను వచ్చిందో చూస్తే మర్నాడు బోర్డులో చేర్చవలసిన గడి ఏదో దానంతటదే తెలుస్తుంది. ఆదివారం సెలవు తర్వాత, జట్లు మారిన మొదటి రోజున ఆ ఫోన్లు ఎక్కువగా ఉంటాయి, ఎందుకంటే ఎక్కేవారికి ఒక రోజంతా ఖాళీ ఉంది. ఆ రోజు హడిల్‌కు పది నిమిషాలు పెట్టుకోండి. ఉదయం ఆరు గంటల అప్పగింతలో దిగేవారు నిద్రలేమితో ఉంటారు, నోటి మాట తడబడుతుంది, అందువల్ల ఆ పూట బోర్డును 5:30కే రాయించండి. రెండు వారాల తర్వాత అన్నగారితో కూర్చునేటప్పుడు ఆ ఫోన్ల కాగితం వెంట తీసుకెళ్లండి, ముందుగా మీ జట్టు దిగాక మీకు వచ్చిన ఫోన్ల లెక్క ఆయనకు చూపించండి.